ఇంట్లోనే లెహంగా కుట్టుకుందాం – మూడో పాఠం: హీల్స్ వేసుకున్నాకే టేపు పట్టండి

పోయిన పాఠంలో గుడ్డ, లైనింగ్ తెచ్చుకున్నాం. కత్తెర ఇంకా ముట్టుకోకండి. ఈసారి కొలతలు మాత్రమే.

ఎవరి కొలతలు వాళ్ళు తీసుకోలేరు. టేపు చివర చూడ్డానికి వంగితే నడుం కదులుతుంది, పొడవు మారిపోతుంది. అందుకని ఇంకో మనిషి కావాలి. రిసెప్షన్‌కి లెహంగా కుట్టించుకోడానికి రాజాం నుంచి విజయనగరం మా ఇంటికొచ్చిన పిన్ని కూతురి కొలతలే ఇక్కడ చెబుతాను.

ముందు నడుముకి ఒక నాడా కట్టండి. ఎక్కడ కట్టాలన్నది కట్టుకునే మనిషి ఇష్టం. కొందరికి బొడ్డు మీద, కొందరికి బొడ్డుకి రెండంగుళాలు కింద. కానీ ఒకసారి కట్టాక అన్ని కొలతలూ ఆ నాడా నుంచే తీయాలి. మా పిల్లకి నాడా మీద నడుం నిలబడితే 30 అంగుళాలు, కుర్చీలో కూర్చుంటే 31న్నర. రిసెప్షన్‌లో సగం సేపు కుర్చీలోనే గడుస్తుంది, పైగా భోజనం. అందుకే బెల్టు 31కి పెట్టి, హుక్కుకి రెండు కాజాలు ఇచ్చాను.

తరవాత సీటు. పక్క నుంచి చూస్తే వెనక బాగా ఎత్తుగా కనిపించే చోట టేపు నేలకి సమాంతరంగా చుట్టాలి. ఆమెకి నాడా నుంచి 8 అంగుళాలు కింద 39 వచ్చింది. లెహంగా గేరు పెద్దదే కదా, సీటు కొలత దేనికి అంటారు చాలామంది. పైన సన్నగా, కిందకి వెడల్పుగా కోసి పక్కపక్కన కలిపే ముక్కలే కలీలు. అవి ఆ ఎత్తుకి వచ్చేసరికి అన్నీ కలిపి కనీసం 41 వెడల్పు ఉండాలి, లేకపోతే అక్కడ పట్టేసి అడ్డంగా ముడతలు పడతాయి. జిప్పు కూడా దీన్ని బట్టే. 31 బెల్టు 39 సీటు దాటాలంటే పక్కన 9 అంగుళాల జిప్పయినా ఉండాలి.

ఇప్పుడు అసలు కొలత, పొడవు. ఇక్కడ నేనొకసారి దెబ్బ తిన్నాను. ఒకావిడ కొత్త చెప్పులు తేలేదు, నాలుగంగుళాల హీల్ అని నోటితో చెప్పింది. వట్టి కాళ్ళకి 38 వచ్చింది కదా అని నాలుగు కలిపి 42కి కుట్టేశాను. తీరా ట్రయల్ వేస్తే అంచు నేల ఊడుస్తోంది. నాలుగంగుళాల హీల్ వేసుకుంటే మనిషి నాలుగంగుళాలు లేవదు. మడమ లేస్తుంది, ముందు పాదం కిందే ఉంటుంది. చీలమండ మడమకి కొంచెం ముందు ఉంటుంది కాబట్టి ఒళ్ళు లేచేది అంతకన్నా తక్కువే. అంచు అప్పటికే కుట్టేశాం, కింద కత్తిరించలేం. బెల్టు విప్పి పైన అంగుళం తీశాను. కలీలు కిందకి వెడల్పయ్యేవి కాబట్టి పైన తీసేసరికి నడుం వదులైపోయింది. మళ్ళీ ఒక్కో కలీ పట్టుకుని కుట్టుకొచ్చాను. మా ఊళ్ళో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర ఒక ముసలి టైలరుకి చెబితే, ‘చెప్పులు లేకండా కొలతేటమ్మా?’ అని నవ్వాడు.

కాబట్టి ఆ రోజు వేసుకునే హీల్సే, లెహంగా ఉబ్బుగా నిలబడ్డానికి లోపల వేసే గట్టి నెట్టు, అదే క్యాన్‌క్యాన్ ఉంటే అదీ వేసుకుని, గచ్చు మీద నిలబడాలి. తివాచీ మీద వద్దు, హీల్ దిగిపోతుంది. తల నిటారుగా, చూపు ఎదరకి. ‘అప్పా, ఎంతొచ్చిందీ?’ అని మా పిల్ల ప్రతిసారీ కిందకి వంగి చూసేది, మళ్ళీ మొదలు.

ఆమెది మూడంగుళాల హీల్. నాడా నుంచి నేలకి ముందు వైపు వట్టి కాళ్ళకి 38న్నర, హీల్స్‌తో 41. క్యాన్‌క్యాన్ ఉబ్బు మీంచి టేపు జారవిడిస్తే 42. నడిచేటప్పుడు బొటనవేలికి తగలకుండా అరంగుళం తగ్గిస్తే 41న్నర. ఇది బెల్టు పై అంచు నుంచి లెక్క. బెల్టు అంగుళంన్నర తీసేస్తే కలీకి 40, పైన కుట్టుకి అర కలిపితే 40న్నర. అంచు విడిగా వేసేవాళ్ళు ఆ అంచు వెడల్పు ఇందులోంచి తగ్గించి, అతుక్కి అర కలుపుకోండి.

పక్కన, వెనక కూడా కొలవండి. సీటు ఎత్తు మీంచి రావాలి కాబట్టి వెనక ఎక్కువ వస్తుంది. ఆమెకి పక్కన పావు, వెనక అర ఎక్కువొచ్చింది. ఆ తేడా కలీల పైభాగంలో ఇవ్వాలి, కింద కాదు. కింద ఇస్తే అంచు డిజైను వంకర పోతుంది.

ఒక సంగతి మాత్రం ముందే అడగండి: ఆ రోజు చెప్పులు ఎక్కడైనా విప్పుతారా? అక్షింతలకి పీట ఎక్కాలన్నా, గుడికి వెళ్ళాలన్నా విప్పాల్సిందే. అప్పుడు మా పిల్ల లెహంగా రెండంగుళాలు నేల మీద పడుతుంది. రెండింటికీ సరిపోయే పొడవు లేదు. హీల్స్ పొడవే ఉంచి, చెప్పులు విప్పినప్పుడు బెల్టు దగ్గర ఎత్తి దోపుకోవడానికి లోపల రెండు లూపులు కుట్టాను.

వచ్చే పాఠంలో ఈ బెల్టు 31, సీటు దగ్గర 41, కలీ పొడవు 40న్నర పట్టుకుని పన్నెండు కలీలు కాగితం మీద గీద్దాం. మీ కొలతల పక్కన ఏ చెప్పులతో తీశారో కూడా రాసి ఉంచుకోండి.