వడ్డీ సరిపోతోంది, అయినా అసలు కరిగిపోతోంది: రిటైర్మెంట్ నిధి లెక్కలో ఎక్కడ తప్పుతోంది?

బెంగళూరు మారతహళ్లి వైపు సొంత ఫ్లాట్‌లో ఉంటున్న ఒక తెలుగు దంపతుల లెక్కను ఉదాహరణగా తీసుకుందాం. ఇద్దరికీ 60 ఏళ్లు. అద్దె లేదు, ఈఎంఐ లేదు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, వేసవిలో ట్యాంకర్ నీళ్లకు పడే అదనం, కరెంటు, సరుకులు, పనిమనిషి జీతం, మందులు, కర్నూలు రాకపోకలు అన్నీ కలిపి నెలకు 50,000 అవుతోంది. అంటే ఏడాదికి 6 లక్షలు. 90 ఏళ్ల వరకు, అంటే 30 ఏళ్లు డబ్బు రావాలి. పన్ను పోను రాబడి 8 శాతం, ఖర్చుల పెరుగుదల 6 శాతం అనుకుందాం. ఏడాదికి కావలసిన డబ్బు ఆ ఏడాది మొదట్లోనే తీస్తారు. కింది లెక్కలన్నీ ఈ అంకెల మీదే నడుస్తాయి.

సమస్య 1: వడ్డీతో ఇల్లు గడుస్తుందని లెక్క చెప్పింది, కానీ డబ్బు 74వ ఏటే అయిపోతోంది

ఎక్కువమంది వేసే లెక్క ఇది: ఏడాదికి 6 లక్షలు కావాలి, 8 శాతం వస్తోంది, కాబట్టి 75 లక్షలు ఉంటే చాలు, అసలు ముట్టుకోనక్కర్లేదు. మొదటి ఏడాది వరకు ఇందులో పెద్ద తప్పు కనిపించదు. 75 లక్షల్లోంచి 6 తీస్తే 69 మిగులుతుంది, దాని మీద 8 శాతం వచ్చి ఏడాది చివరికి 74.52 లక్షలవుతుంది. తగ్గింది అర లక్ష లోపే కదా అనిపిస్తుంది.

రెండో ఏడాది అదే ఇంటికి 6.36 లక్షలు కావాలి. మూడో ఏడాది 6.74. ఐదేళ్లు గడిచాక కూడా ఖాతాలో 67.72 లక్షలు కనిపిస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పదేళ్లకు అది 42.66 లక్షలకు దిగుతుంది. అప్పటికి ఏడాది ఖర్చు 10 లక్షలు దాటి ఉంటుంది. పద్నాలుగో ఏడాది డబ్బు తీశాక మిగిలేది పదిహేనో ఏడాది ఖర్చులో ఒక నెలకు సరిపడా మాత్రమే.

కారణం: వచ్చిన 8 శాతాన్నీ ఆదాయం అనుకోవడం. అందులో 6 శాతం మన డబ్బు విలువ పడిపోకుండా అసలులోకే తిరిగి వెళ్లాలి. ఖర్చుకు నిజంగా మిగిలేదాన్నే వాస్తవ రాబడి అంటారు. దాన్ని తీసివేతతో కాదు, భాగహారంతో కట్టాలి:

```
(1 + 0.08) / (1 + 0.06) - 1 = 0.018868
```

అంటే 1.887 శాతం. భాగహారం ఎందుకంటే, ఇవాళ 100 రూపాయలున్నది ఏడాదికి 108 అవుతుంది, కానీ ఇవాళ 100కి వచ్చే సరుకులు అప్పుడు 106 అవుతాయి. 108 రూపాయలతో అలాంటి బుట్టలు ఎన్ని కొనగలమో తెలియాలంటే 106తో భాగించాల్సిందే. 8 లోంచి 6 తీసేసి 2 శాతం అనుకున్నా మన ఉదాహరణలో తేడా 2 లక్షలే. కానీ రాబడి ఖర్చుల పెరుగుదల కంటే ఎక్కువగా ఉన్నంతవరకు ఆ తప్పు నిధిని తక్కువ చేసి చూపే వైపే ఉంటుంది, కాబట్టి సరైన లెక్కే వేయండి.

పరిష్కారం: ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ ఒక గడిలో ఇది రాయండి:

```
=PV(1.08/1.06-1, 30, -600000, 0, 1)
```

జవాబు దాదాపు 1 కోటి 39 లక్షలు. చివర ఉన్న 1 అంటే డబ్బు ఏడాది మొదట్లో తీస్తామని. అది మరిచిపోతే 1 కోటి 36.5 లక్షలే చూపిస్తుంది, మొదటి ఏడాది ఇంటి ఖర్చుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మాత్రం చెప్పదు.

ఇక్కడ 8 శాతం అన్నది పన్ను పోను రాబడి అని ముందే అనుకున్నాం. మీ డబ్బంతా 7 శాతం ఎఫ్‌డీల్లోనే ఉంటే వాస్తవ రాబడి 0.94 శాతానికి పడిపోతుంది, అప్పుడు కావలసింది 1 కోటి 58 లక్షలు. అదే ఎఫ్‌డీ వడ్డీ మీద 20 శాతం పన్ను పోయేవారికి చేతికొచ్చేది 5.6 శాతమే. అంటే వాస్తవ రాబడి సున్నా కంటే కిందకు వెళ్తుంది, నిధి 1 కోటి 90 లక్షలు కావాలి. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. కాబట్టి వడ్డీ ఒక్కటే ఆదాయమైన ఇంటికి చాలావరకు ఇబ్బంది ఉండదు. పెన్షనో, ఊళ్లో ఇంటి అద్దో దానికి తోడై ఆ గీత దాటితే మాత్రం లెక్క మళ్లీ కట్టాలి.

సమస్య 2: జవాబు మూడు కోట్ల పైన వచ్చింది

ఈ అంకె చూసి ఇక రిటైర్ అవ్వలేమని అనుకునేవారున్నారు. వారికి ముందు చెప్పవలసింది, అది చాలావరకు లెక్కలో దొర్లిన తప్పే.

కారణం: ద్రవ్యోల్బణాన్ని రెండుసార్లు కలపడం. షీట్‌లో ఏటేటా ఖర్చును 6 శాతం పెంచుకుంటూ ఒక వరుస రాస్తారు. ఆ పెరిగిన ఖర్చులను ఇవాళ్టి విలువకు తెచ్చేటప్పుడు 8 శాతం బదులు 1.887 శాతం వాడతారు. కానీ ఆ 1.887లో పెరుగుదల ఇప్పటికే తీసేసి ఉంది. మన దంపతుల లెక్కను ఇలా వేస్తే 3 కోట్ల 38.6 లక్షలు చూపిస్తుంది, కావలసినదానికి దాదాపు రెండున్నర రెట్లు.

పరిష్కారం: రెండు దారుల్లో ఒకదాన్నే పట్టుకోండి. ఖర్చును పెంచి రాస్తే 8 శాతం వాడాలి. ఇవాళ్టి 6 లక్షలనే ముప్పై ఏళ్లూ ఉంచితే వాస్తవ రాబడి వాడాలి. రెండు దారుల్లోనూ జవాబు ఒక్కటే రావాలి. రాకపోతే షీట్‌లో తప్పు ఉన్నట్టే. ఇంకో గుర్తు: రాబడి, ద్రవ్యోల్బణం సమానమైతే కావలసింది 30 సార్లు 6 లక్షలు, అంటే 1 కోటి 80 లక్షలు. మీ రాబడి ద్రవ్యోల్బణం కంటే ఎక్కువగా ఉండి కూడా జవాబు ఈ అంకెను దాటిందంటే తప్పు వెతకండి.

సమస్య 3: లెక్క సరిగ్గానే ఉంది, కానీ ఖర్చు అనుకున్నదానికంటే వేగంగా పెరుగుతోంది

కారణం: అన్ని ఖర్చులకూ ఒకే రేటు వేయడం. కేంద్ర ప్రభుత్వం రిజర్వ్ బ్యాంక్‌కు పెట్టిన ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటుతో. కానీ అది దేశమంతటి సగటు బుట్టకు చెందినది. 60 దాటిన ఇంట్లో మందులు, పరీక్షలు, ఆరోగ్య బీమా ప్రీమియం ఆ సగటు కంటే ఎక్కువ వాటా తీసుకుంటాయి. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం కూడా పెరుగుతుంది, కాబట్టి వాటికి సగటు రేటు చాలదు.

పరిష్కారం: ఖర్చును రెండు ముక్కలు చేయండి. 6 లక్షల్లో ఆరోగ్యానికి 1.2 లక్షలు పోతుందనుకోండి. దానికి 10 శాతం పెరుగుదల వేస్తే:

```
=PV(1.08/1.10-1, 30, -120000, 0, 1)
```

రేటు మైనస్‌లోకి వెళ్తుంది, అయినా ఫార్ములా పనిచేస్తుంది. జవాబు 47.6 లక్షలు. మిగతా 4.8 లక్షలకు పాత 6 శాతంతోనే కడితే 1 కోటి 11 లక్షలు. మొత్తం దాదాపు 1 కోటి 59 లక్షలు. ఖర్చులో అయిదో వంతు మాత్రమే వేగంగా పెరిగినా నిధిలో 20 లక్షల తేడా వచ్చింది. 10 శాతం అన్నది ఉదాహరణకే. మీ ఇంటి రేటు తెలియాలంటే గత అయిదేళ్ల బీమా ప్రీమియం రసీదులు, మందుల బిల్లులు ముందు పెట్టుకుని చూడండి. ఏటా రాని ఖర్చులు కూడా మరవొద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ, ఇంటి రంగులు లాంటివి ఎన్నేళ్లకోసారి వస్తాయో చూసి, ఆ లెక్కన ఏడాదికి ఎంత పడుతుందో కలపండి.

సమస్య 4: 1 కోటి 39 లక్షలు పెట్టుకున్నా మొదటి ఏడాదే దెబ్బ తగిలింది

8 శాతం రావాలంటే కొంత డబ్బు మ్యూచువల్ ఫండ్లలో ఉండక తప్పదు. మొదటి ఏడాది మార్కెట్ పడి మొత్తం నిధి 15 శాతం తగ్గిందనుకోండి. 6 లక్షలు తీశాక ఉన్న 133.07 లక్షలు 113.1 లక్షలకు దిగుతాయి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ 8 శాతమే వచ్చినా, ఖర్చు ఏమాత్రం మార్చకపోతే డబ్బు 30 ఏళ్లకు బదులు 22 ఏళ్లు వస్తుంది.

కారణం: PV ఫార్ములా ప్రతి ఏడాదీ ఒకే రాబడి వస్తుందని అనుకుంటుంది. జీతం వస్తున్నప్పుడు పడిన మార్కెట్ కోలుకునేదాకా ఆగగలం. రిటైరయ్యాక అదే పడిన నిధిలోంచి ఖర్చుకు తీస్తూనే ఉండాలి. తీసేసిన డబ్బుకు కోలుకునే అవకాశం ఉండదు.

పరిష్కారం మొదటి భాగం ముందే చేసుకోవాలి. రెండు మూడేళ్ల ఖర్చు, అంటే ఇక్కడ 12 నుంచి 19 లక్షలు, ఎఫ్‌డీలో ఉంచాలి. మార్కెట్ పడిన ఏడాది ఫండ్లు అమ్మకుండా అక్కడినుంచి తీయాలి. 60 దాటినవారికి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ కూడా ఉంది. 2023 ఏప్రిల్ నుంచి అందులో ఒక్కొక్కరు 30 లక్షల వరకు పెట్టవచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది. పెట్టిన రోజున ఉన్న రేటు అయిదేళ్ల వరకే ఖాయం, కాబట్టి దాన్ని ముప్పై ఏళ్ల లెక్కలో వేసుకోకండి.

రెండో భాగం ఏడాదికోసారి చేసే పరీక్ష. ఏప్రిల్ మొదటి వారంలో ఉన్న నిధిని ఆ ఏడాది ఖర్చుతో భాగించండి. 8 శాతం రాబడి, 6 శాతం పెరుగుదల ఉంటే, ఇంకా 30 ఏళ్లు కావలసినవారికి ఆ అంకె 23.2 ఉండాలి. 25 ఏళ్లకు 20.2, 20 ఏళ్లకు 16.8, 15 ఏళ్లకు 13.2, 10 ఏళ్లకు 9.2. మొదటి సమస్యలోని 75 లక్షలవారికి మొదటి రోజే ఇది 12.5 వచ్చేది. 67 లక్షలు చూసి ధైర్యంగా ఉన్న ఆరో ఏడాది మొదట్లో 8.4 వచ్చేది.

దెబ్బ తగిలిన మన దంపతులకు రెండో ఏడాది మొదట్లో 113.1ని 6.36తో భాగిస్తే 17.8 వస్తుంది. 29 ఏళ్లకు కావలసింది 22.6. ఉన్న నిధికి ఎంత ఖర్చు తగునో ఇలా తెలుస్తుంది:

```
=PMT(1.08/1.06-1, 29, -11310000, 0, 1)
```

జవాబు 5 లక్షలు. నెలకు 53,000 కావలసిన చోట 41,700 రూపాయలు. వెంటనే అంత కోయడం అందరికీ సాధ్యం కాదు. మెయింటెనెన్స్, మందులు తగ్గవు. ప్రయాణాలు, వస్తువుల కొనుగోళ్లు ఒక ఏడాది వాయిదా వేసి, ఖర్చును ఆ ఏడాదికి పెంచకుండా 50,000 దగ్గరే ఆపండి. వచ్చే ఏప్రిల్‌లో అప్పటి నిధి, 28 ఏళ్లు వేసి ఇదే ఫార్ములా మళ్లీ కట్టండి. మార్కెట్ కోలుకుంటే జవాబు పెరుగుతుంది, పెరిగినంతవరకే ఖర్చు పెంచండి.