యూట్యూబ్ స్టూడియోలో ఒక్కో వీడియో వరుసను ఎలా చదవాలి?

మా మేనల్లుడిది గజపతినగరం దగ్గర పల్లె. పండగలు, పాత కళలు, చేతిపనులు చూపించే చిన్న ఛానెల్ నడుపుతున్నాడు. మొన్న వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "మామయ్యా, ఒకదానికి డబ్బులు ఆగిపోయాయి, ఒకదానికి కామెంట్లు రావట్లేదు, ఒకదానికి పసుపు గుర్తు పడింది. మూడూ ఒకేసారి ఎందుకు పాడయ్యాయో తెలియట్లేదు" అన్నాడు. మూడింటికీ కారణం వేరు. ఆ మూడు కారణాలూ ఒకే పట్టికలో రాసి ఉన్నాయి. వాడు ఒక్క డాలర్ గుర్తునే చూసుకుంటూ కూర్చున్నాడు.

ముందు కంప్యూటర్ బ్రౌజర్‌లో studio.youtube.com తెరవండి. ఎడమ పక్కన మెనూలో Content నొక్కితే మీ వీడియోలన్నీ ఒక దాని కింద ఒకటి వరుసలుగా వస్తాయి. ఫోన్‌లోని స్టూడియో యాప్‌లో ఇవన్నీ పక్కపక్కన కనబడవు కాబట్టి ఈ పనికి పెద్ద తెరే మేలు. ప్రతి వరుసలోనూ వీడియో పేరు పక్కన Visibility, Monetization, Restrictions, Date, Views, Comments అనే గడులు ఉంటాయి. Monetization గడి కనబడాలంటే మీ ఛానెల్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో చేరి ఉండాలి. చేరకపోతే ఆ గడే ఉండదు, టెన్షన్ పడక్కర్లేదు.

నేను చదివే వరుస ఇది: మొదట విజిబిలిటీ, తర్వాత రిస్ట్రిక్షన్స్, ఆ తర్వాత మానిటైజేషన్, చివర కామెంట్లు. తెర మీద మానిటైజేషన్ ముందు ఉన్నా నేను రిస్ట్రిక్షన్స్ చూశాకే దాని దగ్గరికి వస్తాను. డాలర్ గుర్తు రంగు మారిందంటే చాలాసార్లు కారణం రిస్ట్రిక్షన్స్ గడిలోనే ఉంటుంది. కారణం చూడకుండా రంగు చూస్తే ఏం చేయాలో తోచదు.

విజిబిలిటీ గడి: వీడియో ఎవరికి కనబడుతోంది?

Public అంటే అందరికీ. Unlisted అంటే లింక్ ఉన్నవాళ్లెవరికైనా, వెతికితే మాత్రం దొరకదు. Private అంటే మీకూ, మీరు ఈమెయిల్‌తో పిలిచినవాళ్లకూ మాత్రమే. Scheduled అంటే మీరు పెట్టిన తేదీ దాకా ప్రైవేటుగా ఉండి ఆ గంటకు పబ్లిక్ అవుతుంది. Draft అంటే అప్‌లోడ్ అయింది కానీ వివరాలు నింపడం ఇంకా పూర్తికాలేదు. పండగ హడావుడిలో అప్‌లోడ్ చేసి చివరి పేజీ దాకా వెళ్లకుండా మూసేస్తే వీడియో డ్రాఫ్ట్‌గానే ఉండిపోతుంది. "పెట్టానే, ఎవరూ చూడలేదేంటి?" అనుకునే ముందు ఈ మాట అక్కడ ఉందేమో చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పబ్లిక్ అని ఉన్నంత మాత్రాన ప్రతి దేశంలోనూ కనబడుతుందని కాదు. పాట హక్కుదారు కొన్ని దేశాల్లో ఆపేస్తే అక్కడివాళ్లకు వీడియో తెరుచుకోదు, మీ పట్టికలో మాత్రం పబ్లిక్ అనే ఉండవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు లేని ఊరు తక్కువ. "మా బావకి కువైట్‌లో రావట్లేదట" అని ఎవరైనా అంటే, ఫోన్‌నో నెట్‌నో తిట్టుకునే ముందు రిస్ట్రిక్షన్స్ గడి చూడండి.

రిస్ట్రిక్షన్స్ గడి: అసలు కారణం ఇక్కడే

ఏ గొడవా లేకపోతే None అని ఉంటుంది. ఉంటే Copyright, Made for kids, వయసు పరిమితి లాంటి మాట వస్తుంది. మౌస్ ఆ మాట మీద పెడితే చిన్న వివరణ వస్తుంది. అందులో ఉన్న లింక్ నొక్కితే పూర్తి వివరాలు తెరుచుకుంటాయి. చాలామంది మాట చదివి ఆగిపోతారు. లోపలికి వెళ్తేనే ఏ నిమిషం దగ్గర ఏముందో తెలుస్తుంది.

కాపీరైట్ అని కనబడగానే స్ట్రైక్ పడిందని బెంబేలెత్తిపోకండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే మీ వీడియోలో ఎవరిదో పాట ఉందని యూట్యూబ్ పట్టుకోవడం. దాని ప్రభావం సాధారణంగా ఆ ఒక్క వీడియో వరకే. స్ట్రైక్ ఛానెల్ మీద పడుతుంది, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మా వాడి మొదటి వరుసకు వస్తాను. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పన్నెండు నిమిషాల వీడియో. పబ్లిక్, రిస్ట్రిక్షన్స్‌లో కాపీరైట్, మానిటైజేషన్‌లో ఎర్ర గుర్తు, కామెంట్లు బాగానే ఉన్నాయి. "నేనే నిలబడి తీశాను మామయ్యా, ఇది నాదే కదా!" అన్నాడు. చిత్రం వాడిదే, శబ్దం మొత్తం వాడిది కాదు. వివరాలు తెరిస్తే 4:10 నుంచి 4:52 వరకు ఒక సినిమా పాట ఉన్నట్టు చూపించింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే డప్పుల వెనకాల, దారి పక్క మైకులో పాట స్పష్టంగా వినబడింది. జనం మధ్య నిలబడి తీసేటప్పుడు మన చెవికి అది ఆనదు, కానీ రికార్డింగ్‌లో పడిపోతుంది.

ఆ క్లెయిమ్ పక్కనే దారులు ఉంటాయి: ఆ ముక్క కత్తిరించడం, పాటను మ్యూట్ చేయడం, వేరే పాటతో మార్చడం, లేదా అభ్యంతరం చెప్పడం. పాటను మాత్రమే తీసేసే ఎంపికను వాడి చూశాం. డప్పుల మోత కూడా గుల్లగా, నీళ్లలోంచి విన్నట్టు అయిపోయింది. ఆ నలభై రెండు సెకన్లలో జనం తోపులాట తప్ప ముఖ్యమైన దృశ్యం లేదు కాబట్టి Trim ఎంచుకుని కత్తిరించాం. మార్పు ప్రాసెస్ అవడానికి కాసేపు పట్టింది. తర్వాత పేజీ రిఫ్రెష్ చేస్తే రిస్ట్రిక్షన్స్‌లో నన్ అని వచ్చింది, ఎర్ర గుర్తు పచ్చబడింది. సిరిమాను మీద పూజారి వస్తున్న దృశ్యం వెనకే ఆ పాట ఉండి ఉంటే కత్తిరించమని నేను చెప్పేవాణ్ని కాదు, గుల్లగా ఉన్నా మ్యూట్‌కే ఒప్పుకునేవాణ్ని.

అభ్యంతరం దారి మీకు నిజంగా హక్కు ఉన్నప్పుడే పట్టండి. మీ ఊరి కళాకారుడి చేత మీరే పాడించుకున్న పాటను ఎవరో తమదన్నారనుకోండి, అప్పుడు చెప్పండి. క్లెయిమ్ వచ్చిన అయిదు రోజుల్లోపు చెబితే మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ పక్కన పెట్టి, తేలాక హక్కున్నవారికి ఇస్తుంది. అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది.

మానిటైజేషన్ గడి: పసుపుకీ ఎరుపుకీ మందు ఒకటి కాదు

పచ్చ గుర్తు అంటే ఎక్కువమంది ప్రకటనదారుల ప్రకటనలు వస్తాయి. పసుపు అంటే ప్రకటనలు తక్కువ, లేదా అసలే రావు. బూడిద రంగు అంటే డబ్బు సంపాదన ఆపి ఉంది. ఎరుపు అంటే ఈ వీడియో మీద మీకు డబ్బు రాదు, ఎక్కువగా కాపీరైట్ వల్ల.

మా వాడి రెండో వరుసలో 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను దృశ్యాలున్నాయి. వాడి పెదనాన్న ఫోన్‌లో అప్పుడు తీసినవి. పబ్లిక్, రిస్ట్రిక్షన్స్‌లో నన్, మానిటైజేషన్ పసుపు. ఈ జత ముఖ్యం. రిస్ట్రిక్షన్స్‌లో ఏమీ లేకుండా పసుపు ఉందంటే కాపీరైట్ గొడవ కాదు, విషయం ప్రకటనదారులకు ఇబ్బందిగా ఉందని యంత్రం అనుకుంది. ప్రకృతి విపత్తులను, చావులను చూపించే వీడియోలకు ఇది మామూలే. ఇక్కడ పాట కత్తిరించి లాభం లేదు. పసుపు గుర్తు మీద మౌస్ పెట్టి రివ్యూ అడగాలి, అప్పుడు ఒక మనిషి చూసి తేలుస్తారు.

అడిగే ముందు వీడియోను మొదటి నుంచి ఒకసారి మీరే చూడండి. ఆ మనిషి ఇచ్చిన తీర్పే ఆఖరిది. వాడి థంబ్‌నెయిల్‌లో చచ్చిపడి ఉన్న పశువు బొమ్మ పెద్దగా ఉంది. దాన్ని మార్చి, కూలిన జీడితోట బొమ్మ పెట్టాకే రివ్యూ అడిగించాను. అయినా పచ్చ అవుతుందని హామీ లేదు. తుపాను తుపానే, ఎవరి సర్వస్వమో పోయిన రోజు అది. కొన్ని వీడియోలు పసుపుగానే ఉండటం న్యాయమని నా అభిప్రాయం.

ఎరుపు ఉన్నచోట మాత్రం ఈ రివ్యూ పనికిరాదు. కాపీరైట్ సంగతి తేల్చుకుంటేనే రంగు మారుతుంది.

కామెంట్ల గడి: ఖాళీగా ఉంటే జనం రాలేదని కాదు

మూడో వరుస బడి పిల్లలు ఆడిన తప్పెటగుళ్లు. వ్యూస్ అన్నిటికంటే ఎక్కువ, మానిటైజేషన్ పచ్చ, కామెంట్లు మాత్రం ఒక్కటీ లేవు. రిస్ట్రిక్షన్స్‌లో Made for kids అని ఉంది, మౌస్ పెడితే మీరే పెట్టారని చూపించింది. పిల్లలు ఆడుతున్నారు కదా అని అప్‌లోడ్ చేసేటప్పుడు వాడే ఆ ఎంపిక నొక్కాడు. వీడియోలో పిల్లలు కనబడటం వేరు, వీడియో పిల్లల కోసం చేయడం వేరు. ఈ తప్పెటగుళ్లు చూసేది పెద్దవాళ్లు, ఊరు విడిచి వెళ్లినవాళ్లు.

ఆ ఎంపిక పెడితే యూట్యూబ్ కామెంట్లు ఆపేస్తుంది, చూసేవాళ్ల ఇష్టాలను బట్టి వచ్చే ప్రకటనలు కూడా ఆపేస్తుంది. అందుకే పచ్చ గుర్తు ఉన్నా ఆదాయం పడిపోతుంది. రంగును బట్టి ఆదాయం అంచనా వేయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సరిచేయడం ఇలా. వరుస ముందున్న చిన్న గడిలో టిక్ పెట్టండి, పైన వచ్చే Edit నొక్కండి, Audience ఎంచుకుని పిల్లల కోసం చేసింది కాదని మార్చండి. ఒకేసారి పది వీడియోలకు టిక్ పెట్టి మార్చవచ్చు, కానీ నిజంగా పిల్లల పాటలు, పిల్లల కథలు అయితే మార్చకూడదు. మార్చాక అదే Edit లో Comments కూడా తెరిచి ఉందేమో చూడండి.

పిల్లల గుర్తు లేకుండానే కామెంట్లు లేకపోతే ఇంకో రెండు చోట్లు చూడాలి. వీడియో ప్రైవేటుగా ఉంటే కామెంట్లు రావు. పబ్లిక్ అయితే ఎడమ మెనూలోని కామెంట్ల పేజీకి వెళ్లి, మీ అనుమతి కోసం ఆగినవి ఉన్నాయేమో ఫిల్టర్ పెట్టి చూడండి. 60 రోజులు దాటితే అవి అక్కడ ఉండవు.

వీడియోలు వందలు దాటితే ఒక్కో వరుసా చదవడం కుదరదు. పట్టిక పైన ఉన్న Filter నొక్కి కాపీరైట్ ఉన్నవి మాత్రమే, లేదా పిల్లల కోసం అని ఉన్నవి మాత్రమే రప్పించుకోండి. నేను నెలకోసారి ఈ రెండు ఫిల్టర్లూ పెట్టి చూస్తాను, ఎందుకంటే పాత వీడియో మీద కూడా కొత్తగా క్లెయిమ్ రావచ్చు.

కొత్త వీడియో అయితే నేరుగా పబ్లిక్ చేయకుండా ముందు ప్రైవేటుగానో అన్‌లిస్టెడ్‌గానో ఎక్కించండి. కాపీరైట్, ప్రకటనల తనిఖీలు పూర్తయ్యాక ఆ వరుసను ఒకసారి ఎడమ నుంచి కుడికి చదివి, రిస్ట్రిక్షన్స్‌లో నన్ అని ఉంటే అప్పుడు పబ్లిక్‌కి మార్చండి. మా వాడు ఈ సారి తొలేళ్ల ఉత్సవం వీడియో అలాగే పెట్టాడు. తనిఖీలో ఒక పాట పట్టుబడింది, వీడియో బయటికి వెళ్లకముందే ఆ ముక్క తీసేశాడు.