ఇన్‌ఫ్లుయెన్సర్ ప్రమోషన్‌కు కాదని జవాబు పంపేముందు జాగ్రత్తలు

- మీ పచ్చళ్ల వ్యాపారాన్ని రీల్‌లో ప్రమోట్ చేయడానికి ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ 40,000 రూపాయలు అడిగారనుకోండి. ముందు వాళ్లు పంపిన ఇన్‌సైట్స్‌లో, అంటే ఫాలోవర్ల వివరాల్లో, ఊళ్ల జాబితా చూడండి. మీ పచ్చళ్లు హైదరాబాద్‌లోనే డెలివరీ అవుతూ, ఫాలోవర్లు ఎక్కువమంది బయటి రాష్ట్రాలవాళ్లయితే, కాదనడానికి అసలు కారణం అదే.

- "బడ్జెట్ లేదు" అని మాత్రమే రాయకండి. రేటు తగ్గించి మళ్లీ అడుగుతారు, రెండోసారి కాదనడం ఇంకా ఇబ్బంది. డెలివరీ పరిధి కూడా చెబితే బేరానికి తావుండదు.

- ఇన్‌ఫ్లుయెన్సర్ తరఫున మేనేజర్ రాస్తే జవాబు మేనేజర్‌కే వెళ్లాలి.

- "తర్వాత చూద్దాం" వద్దు. నిజంగా ఆలోచన ఉంటేనే ఆ మాట.

- ఫాలోవర్లు నకిలీ అన్న అనుమానం రాతలో పెట్టకండి, స్క్రీన్‌షాట్ బయటికెళ్తుంది.

ఇంత చాలు: "నమస్తే అండీ, మమ్మల్ని గుర్తించి రాసినందుకు థాంక్స్. మేం హైదరాబాద్‌లోనే డెలివరీ చేస్తాం, మీ వ్యూయర్లు ఎక్కువగా బయటివాళ్లు. రీల్‌కు 40,000 రూపాయలు మా బడ్జెట్‌కూ మించింది. అందుకే ఈ ప్రమోషన్ చేయలేం."