ట్రిపుల్ డెస్‌ను తీసేసే ముందు చూసుకోవాల్సినవి

మీ దగ్గర ఏదో ఒక పాత సిస్టమ్ ఇంకా ట్రిపుల్ డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతితో నడుస్తూ, దాన్ని మార్చే పని ఈ నెలో వచ్చే నెలో మీ మీద పడబోతుంటే, కోడ్ మీద చెయ్యి వేసే ముందు ఇది చదవండి. "పాతది కదా, బలహీనంగా ఉంటుంది" అన్నంత మాత్రమే తెలిసి పనిలోకి దిగితే తప్పు చోట వెతుకుతాం. కొత్త కీ వేస్తే చాలనుకుంటాం, లేదా కంగారులో మార్చేసి పాత డేటా చదవలేక టెన్షన్ పడతాం. ట్రిపుల్ డెస్ కీ ఇప్పటికీ పొడవైనదే. ఇబ్బంది దాని బ్లాక్ సైజుతో, అంటే ఒక్కోసారి ఎన్‌క్రిప్ట్ చేసే ముక్క సైజుతో. ఆ సైజు రౌండ్ కట్టిన తీరులోంచే వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ట్రిపుల్ డెస్ అంటే డెస్‌నే మూడుసార్లు వాడటం. ఐబీఎంలో హార్స్ట్ ఫైస్టెల్ మొదలుపెట్టిన పని మీద కట్టింది డెస్. 1977లో అమెరికా ప్రభుత్వ ప్రమాణమైంది. అది ఒక్కోసారి 8 బైట్లు, అంటే 64 బిట్లు తీసుకుంటుంది. ముందు ఒక పట్టిక ప్రకారం బిట్ల చోట్లు మారుస్తుంది (దీనివల్ల రక్షణేమీ పెరగదు), తర్వాత ఆ 64ని ఎడమ 32, కుడి 32గా చీల్చి ఇదే పనిని 16 సార్లు చేస్తుంది:

```
L[i] = R[i-1]
R[i] = L[i-1] XOR f(R[i-1], K[i])
```

కుడి సగం ఉన్నదున్నట్టు ఎడమకు వెళ్తుంది. ఎడమ సగం మాత్రం f ఇచ్చిన విలువతో కలిసి కుడికి వస్తుంది. ఆ f లోపల కుడి 32 బిట్లలో కొన్నిటిని రెండుసార్లు వాడి 48 చేస్తారు, ఆ రౌండ్‌కి చెందిన 48 బిట్ల కీతో ఎక్సార్ చేస్తారు, వచ్చినదాన్ని ఆరేసి బిట్ల చొప్పున 8 ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఎస్-బాక్స్ అనే ఒక్కో అంకెల పట్టికలోకి పంపుతారు. ఒక్క ముక్కను దగ్గరగా చూద్దాం. మొదటి ఎస్-బాక్స్‌లోకి 011011 వచ్చిందనుకోండి. మొదటి బిట్, చివరి బిట్ కలిపితే 01, అంటే 1వ వరుస. మధ్యలో మిగిలిన 1101 అంటే 13వ నిలువు గడి. వరుసల్నీ గడుల్నీ సున్నా నుంచి లెక్కపెడితే అక్కడ ఉన్న అంకె 5, కాబట్టి బయటికి 0101 వస్తుంది. ఆరు బిట్లు లోపలికి, నాలుగు బయటికి. ఎనిమిది బాక్సుల్లోంచి మొత్తం 32 బిట్లు వచ్చాక వాటి చోట్లు ఇంకోసారి మార్చి ఇస్తే f పని అయిపోయినట్టే.

ఆరు నాలుగైతే సమాచారం పోయినట్టే కదా, మరి వెనక్కి ఎలా తెస్తారు? ఈ కట్టడంలో నాకు బాగా నచ్చేది ఇదే. f ని వెనక్కి తిప్పాల్సిన పనే లేదు. కుడి సగం చెక్కుచెదరకుండా పక్కకు వెళ్లింది కాబట్టి దాన్నే మళ్లీ f లో వేస్తే అదే విలువ వస్తుంది, ఆ విలువతో ఇంకోసారి ఎక్సార్ చేస్తే ఎడమ సగం తిరిగొస్తుంది. అందుకే డీక్రిప్ట్ చేయడానికి వేరే యంత్రం అక్కర్లేదు, అవే 16 రౌండ్లు, కీలు మాత్రం చివరి నుంచి మొదటికి.

ఇక్కడే మొదటి జాగ్రత్త. డెస్ కీ చూడటానికి 8 బైట్లున్నా ప్రతి బైట్‌లో చివరి బిట్ తప్పొప్పుల తనిఖీకి పెట్టింది, లెక్కలోకి రాదు. మిగిలేది 56 బిట్లు. వాటిని 28, 28గా చేసి రౌండ్ రౌండ్‌కి ఒకటో రెండో స్థానాలు తిప్పుతూ 48 చొప్పున ఏరుకుంటారు. దీని ఫలితం ఏమిటంటే `bbbbbbbb` అనే కీ, `cccccccc` అనే కీ ఒకటే! b అంటే 0x62, c అంటే 0x63, తేడా అంతా ఆ వదిలేసే బిట్‌లోనే. ఎవరో కాన్ఫిగ్ ఫైల్‌లో టైప్ చేసిన అక్షరాల కీలు వాడుతుంటే మీ రెండు "వేరు వేరు" కీలు నిజంగా వేరేనా అని బిట్లలో చూసుకోండి.

ఆ 56 బిట్లు చాలవని 1998లో కళ్లారా తేలింది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ కట్టించిన యంత్రం అన్ని కీలనూ ప్రయత్నిస్తూ పోయి 56 గంటల్లో సరైనది పట్టేసింది. మరి రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేస్తే 112 బిట్లు అవుతాయి కదా అనిపిస్తుంది, కానీ అవవు. అసలు మాట, దాని ఎన్‌క్రిప్ట్ రూపం రెండూ తెలిసినవాడు ఇటు నుంచి అన్ని కీలతో ఎన్‌క్రిప్ట్ చేసి పట్టిక రాసుకుని, అటు నుంచి అన్ని కీలతో డీక్రిప్ట్ చేసుకుంటూ వచ్చి మధ్యలో కలిసేచోటు చూస్తాడు. రెండు డెస్‌లకీ కలిపి పని 2^57 దగ్గరే ఆగిపోతుంది, పట్టిక దాచుకోవడానికి చోటు మాత్రం చాలా కావాలి. అందుకే మూడుసార్లు:

```
C = E(K3, D(K2, E(K1, P)))
```

మధ్యలో డీక్రిప్ట్ పెట్టింది పాత సిస్టమ్‌లతో మాట్లాడటానికి, మూడు కీలూ ఒకటే అయితే ఇది మామూలు డెస్ అయిపోతుంది. అదే ప్రమాదం కూడా. K1, K2 ఒకటైనా, K2, K3 ఒకటైనా ఆ జంట ఒకదాన్నొకటి కొట్టేసుకుని మిగిలేది ఒకే ఒక్క డెస్. కాబట్టి మీ 24 బైట్ల కీని 8 చొప్పున మూడు చేసి పోల్చండి, పైన చెప్పిన పనికిరాని బిట్లు తీసేసిన తర్వాత.

అన్నీ వేరువేరుగా ఉన్నాయనే అనుకుందాం. మధ్యలో కలిసే దాడి లెక్కేసినా ట్రిపుల్ డెస్ బలం దాదాపు 112 బిట్లు, దాన్ని ఊరికే వెతికి పట్టడం ఎవరివల్లా కాదు. అయినా పక్కన పెట్టేశారు. ఎందుకంటే మూడు డెస్‌లు వరసగా పెట్టినా, 48 రౌండ్లు తిప్పినా, ప్రతి రౌండూ తిప్పేది ఆ 32 + 32 బిట్లనే. కీ పొడవైంది, బ్లాక్ మాత్రం 64 బిట్ల దగ్గరే ఉండిపోయింది. 64 బిట్ల బ్లాక్‌లు ఒకే కీతో దాదాపు 2^32 పంపేసరికి, అంటే 32 జీబీ, రెండు ఎన్‌క్రిప్ట్ బ్లాక్‌లు అనుకోకుండా ఒకేలా వచ్చే అవకాశం బాగా పెరిగిపోతుంది. సీబీసీ మోడ్‌లో ప్రతి బ్లాక్‌నూ దాని ముందున్న ఎన్‌క్రిప్ట్ బ్లాక్‌తో ఎక్సార్ చేశాకే ఎన్‌క్రిప్ట్ చేస్తారు. అందులో అలా రెండు కలిస్తే, వాటికి ముందున్న ఎన్‌క్రిప్ట్ బ్లాక్‌లను ఎక్సార్ చేసినప్పుడు వచ్చేది అసలు మాటల ఎక్సార్. కీ అక్కర్లేదు. రెండిట్లో ఒకటి ముందే తెలిసిన మాట అయితే రెండోది చదివేసినట్టే.

2016లో కార్తికేయన్ భార్గవన్, గేతాన్ ల్యూరాన్ దీన్ని స్వీట్32 పేరుతో చేసి చూపించారు. ఒకే హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్ మీద దాదాపు 785 జీబీ పారించి, రెండు రోజుల్లోపే కుకీ బయటికి లాగారు. 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒక కీ కట్టతో 2^20 బ్లాక్‌లు, అంటే 8 ఎంబీ దాటొద్దంది. 2023 డిసెంబర్ 31 తర్వాత కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేయడానికి వాడొద్దని గడువు పెట్టింది. పాతది డీక్రిప్ట్ చేసుకోవడానికి మాత్రం అనుమతి ఉంచింది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కింద అవసరం పడుతుంది.

"మాది వెబ్‌సైట్ కాదు, రాత్రి ఒక ఫైల్ పంపుతాం అంతే" అంటారా, లెక్క వేద్దాం. రోజుకు 400 ఎంబీ ఫైల్, కీ మారదు. ఒక్క రాత్రికి 5 కోట్లకు పైగా బ్లాక్‌లు, నిస్ట్ చెప్పిన పరిమితికి 50 రెట్లు. ఒక నెలకు బ్లాక్‌లు కలిసే సంఖ్య సగటున 0.07 దగ్గర ఉంటుంది, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇది బ్లాక్‌ల వర్గంతో పెరుగుతుంది, నాలుగు నెలలకు 1 అవుతుంది, ఏడాదికి దాదాపు 10. స్థిర వెడల్పు ఫైళ్లలో వరసగా ఖాళీలూ సున్నాలూ ఎన్ని ఉంటాయో మీకు తెలుసు, అవే ఆ "ముందే తెలిసిన మాట". కాబట్టి మార్పు ఆలస్యమయ్యేలా ఉంటే ఈలోపు కనీసం ఫైల్‌కొక కీ మార్చండి, పెద్ద ఫైల్‌ని ముక్కలు చేసి ముక్కకొక కీ ఇవ్వండి.

ఇప్పుడు వెతకడం. కోడ్‌లో `3DES` అని మాత్రమే వెతికితే సగం దొరకవు. జావాలో దాని పేరు `DESede`, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో `DES-CBC3-SHA`. జావాలో ఊరికే `DESede` అని రాసి ఉంటే సాధారణంగా ఈసీబీ మోడ్ అని అర్థం, అది ఇంకా ఘోరం, ఒకే మాట రెండుసార్లు వస్తే ఎన్‌క్రిప్ట్ రూపం కూడా ఒకేలా ఉంటుంది. సర్వర్‌ను బయటి నుంచి ఇలా చూడండి:

```
nmap --script ssl-enum-ciphers -p 443 మీ-సర్వర్
```

స్వీట్32 హెచ్చరిక కనిపిస్తే సర్వర్ ఇంకా ఒప్పుకుంటోందని అర్థం. `openssl s_client` తో చూసేవాళ్లు ఒకటి గమనించండి, కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ట్రిపుల్ డెస్ మామూలుగా ఉండదు. మీ వైపే లేక కనెక్షన్ కుదరకపోతే సర్వర్ మంచిదని మోసపోతారు. ఆపేముందు ఇంకా ఎవరు వాడుతున్నారో తెలియాలి కాబట్టి ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో `$ssl_cipher` పెట్టి నెలాఖరు కూడా కలిసేలా కొన్ని వారాలు చూడండి. నెలకోసారి మాత్రమే కనెక్ట్ అయ్యే పాత మెషిన్ ఆ లాగ్‌లోనే దొరుకుతుంది.

డేటాబేస్ మార్చేటప్పుడు నేను పడ్డ దెబ్బ చెబుతాను, మీరు పడొద్దు. ఒక ఆఫీసులో 16 అంకెల ఖాతా నంబర్లు ట్రిపుల్ డెస్‌లో ఉండేవి. ప్యాడింగ్‌తో 24 బైట్లు, బేస్64లో సరిగ్గా 32 అక్షరాలు, కాలమ్ కూడా `VARCHAR(32)`. దాన్ని ఏఈఎస్-జీసీఎంకి మార్చాం. అందులో 16 బైట్ల డేటా, ఒక్కసారే వాడాల్సిన 12 బైట్ల నాన్స్, డేటా మారలేదని తేల్చే 16 బైట్ల ట్యాగ్, మొత్తం 44, బేస్64లో 60 అక్షరాలు. డేటాబేస్ కఠిన మోడ్‌లో లేకపోవడంతో మిగతా 28 అక్షరాలు చప్పుడు చేయకుండా కత్తిరించుకుని దాచేసింది. మర్నాడు పొద్దున ఒక్క నంబర్ కూడా తెరుచుకోలేదు. పాత కాలమ్‌ను తుడిచేయలేదు కాబట్టి బతికిపోయాం. అందుకే కొత్త కాలమ్ వేరుగా, వెడల్పుగా పెట్టండి, మార్చిన ప్రతి వరుసనూ వెంటనే తిరిగి చదివి పోల్చండి, ఆ తర్వాతే పాతది తీసేయండి. జీసీఎంలో ఒకే కీతో నాన్స్ రెండోసారి వాడితే పాతదానికన్నా పెద్ద ప్రమాదం, దాన్ని ప్రతిసారీ కొత్తగా పుట్టించండి.

ఒక్కో విలువ ముందు ఏ పద్ధతితో రాశారో తెలిపే చిన్న గుర్తు, `v1:` `v2:` లాంటిది పెడితే మార్పు మధ్యలో ఆగినా ఏది ఏదో తెలుస్తుంది. ట్రిపుల్ డెస్ కోడ్‌లో ఎన్‌క్రిప్ట్ చేసే ఫంక్షన్‌ను ముందు తీసేయండి, డీక్రిప్ట్ చేసేది ఉంచండి. కీని మాత్రం తొందరపడి చెరిపేయొద్దు. పాత బ్యాకప్ టేపులు ఎన్నేళ్లు దాచాలో అన్నేళ్లూ ఆ కీ కావాల్సిందే, చివరి టేపును కూడా కొత్త పద్ధతిలోకి తిరగరాసో నాశనం చేసో ఆ సంగతి రాసిపెట్టుకున్నాకే ఆ కీని చెరపండి.