దాదాపు ప్రతి లైన్ పక్కనా ‘బాధ’ అని రాసి చెడగొట్టుకున్న స్క్రిప్టు

దేవరకొండ వైపు ఒక చెలకలో, ఎండిపోయిన బోరు పక్కన కూర్చున్న రైతు. హైదరాబాద్‌లో చదివే కొడుకు ఫోన్ చేస్తాడు. ఒకే నటుడు, ఒకే చోటు, పన్నెండు లైన్లు. ప్రతి లైన్‌కీ భావం రాశాను. తొమ్మిదింటి పక్కన ‘బాధ’ అనే ఉంది.

రిహార్సల్‌లో మా నటుడు మొదటి లైన్‌కే గొంతు వణికించాడు. నాలుగో లైన్‌కి వచ్చేసరికి ఇంకా పెంచడానికి ఏమీ మిగల్లేదు. తప్పు అతనిది కాదు, నేను రాసినదే అతను చేశాడు.

భావాల పేర్లన్నీ కొట్టేసి, ఆ లైన్‌తో తండ్రి కొడుకును ఏం చేయాలనుకుంటున్నాడో రాశాను:

“తిన్నవా బిడ్డా?” (మాట మళ్లిస్తాడు)
“బోరా? ఆ... ఏసినం.” (తడబాటు కప్పుకుంటాడు)
“నీళ్లు పడ్డయి.” (దాస్తాడు, గుప్పిట్లో పొడి దుమ్ము జారుతుంది)
“పైసల రంది నీకెందుకు? సదువుకో.” (గదమాయిస్తాడు)

మూడో లైన్ తర్వాత అడ్డగీత గీశాను. అబద్ధం నోట్లోంచి వచ్చేసింది కాబట్టి అక్కడ మలుపు. తండ్రి ఉద్దేశం మారని లైన్ల పక్కన ఏమీ రాయలేదు. ఖాళీ వదిలితే పాత ఊపే కొనసాగించాలని నటుడితో ముందే అనుకున్నాం.

ఫోన్ పెట్టేశాక ఒక్క మాటా లేదు. ఈసారి ఏడుపు అక్కడే వచ్చింది, నేను రాయకపోయినా.