కాల్‌లో లేని చెల్లికి ఆస్తి కబురు రాసే ముందు

ఆదివారం రాత్రి 9 గంటలకు వీడియో కాల్ అయిపోయింది. వెంటనే నేను మా చెల్లికి వాట్సాప్‌లో రెండే రెండు వాక్యాలు పంపాను. “తెనాలి దగ్గర ఇంటి స్థలం అమ్మేద్దామని అనుకున్నాం. పెద్దన్నయ్య పంపే కాగితం మీద సంతకం పెట్టి పంపు.” తను డాలస్‌లో ఉంటుంది. మన రాత్రి 8 అంటే అక్కడ ఎండాకాలంలో ఉదయం 9:30. ఆ రోజు డ్యూటీ పడి కాల్‌కు రాలేకపోయింది. తెల్లారి లేచేసరికి జవాబు వచ్చి ఉంది: “అనుకున్నాం అంటే ఎవరు, చిన్నన్నయ్యా?”

ఆ ప్రశ్న సర్దుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. స్థలం సంగతి ఎలా ఉన్నా, నేను రాసిన తీరే సగం గొడవకు కారణం. మీ ఇంట్లోనూ ఇలాంటి కాల్ ఒకటి రాబోతుంటే, ఆ సారాంశం రాసే పని మీ మీద పడబోతుంటే, నేను ఎక్కడెక్కడ తప్పానో చెబుతాను.

మొదటి తప్పు “అనుకున్నాం” అన్న మాటే. తెలుగులో దీనికి రెండు అర్థాలు. మనసులో అనిపించిందీ అనుకోవడమే, నలుగురూ కూర్చుని తేల్చుకున్నదీ అనుకోవడమే. నేను మొదటి అర్థంలో రాశాను, చెల్లి రెండో అర్థంలో చదివింది. పైగా “అనుకున్నాం” అన్నప్పుడు అందులో మేమే ఉన్నాం, తను లేదు. వెంటనే “అమ్మేద్దాం” అనేసరికి అందులో తను కూడా ఉంది. తను లేకుండా మేం అనుకుని తనతో కలిసి అమ్మేస్తున్నట్టు అయింది. అందుకే ఆస్తి సంగతి రాసేటప్పుడు “అనుకున్నాం, మాట్లాడుకున్నాం, అయిపోయింది” అన్న మాటలు వాడకండి. ఎవరు ఏమన్నారో పేరు పెట్టి రాయండి. “పెద్దన్నయ్య అమ్ముదామన్నాడు. నేను సరే అన్నాను. అమ్మకం గురించి వదిన ఏమీ అనలేదు.” చదవడానికి మొద్దుగా ఉంటుంది, ఉండనివ్వండి.

అమ్మ మాట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఆ రోజు అమ్మ, “నాదేముందిరా, మీరెలా అంటే అలా” అంది. నేను దాన్ని “అమ్మ ఒప్పుకుంది” అని మనసులో రాసేసుకున్నాను. కానీ ఓ పది నిమిషాల తర్వాత, ఎవరూ అడక్కుండానే, “పెరట్లో కొబ్బరిచెట్లు మీ నాన్న పెట్టినవి” అని కూడా అంది. అప్పుడు అన్నయ్య ఫోన్ సిగ్నల్ పోయి “వినిపిస్తోందా, వినిపిస్తోందా” అంటున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి పంపితే కూతురికి అర్థమవుతుంది. “ఒప్పుకుంది” అని ఒక్క మాటలో తేల్చేస్తే అమ్మ తరఫున మనం సంతకం పెట్టినట్టే. “చూద్దాం”, “నీ ఇష్టం”, “సరేలే” అన్నవీ అంతే. ఎవరు ఏ గొంతుతో అన్నారో మీకు తెలుసు, చదివేవాళ్లకు తెలియదు. వాటికి అర్థం చెప్పకుండా అన్న మాట అన్నట్టే రాయాలి. మ్యూట్‌లో ఉన్నవాళ్ల మౌనాన్ని ఒప్పుకోలు కింద లెక్కేయడం అన్నిటికంటే చెడ్డ తప్పు.

ఇక అంకెలు. మా స్థలం ఏడున్నర సెంట్లు. సెంటు అంటే 48.4 గజాలు కాబట్టి మొత్తం 363 గజాలు. కాల్‌లో అన్నయ్య “గజం ఇరవై రెండు” అన్నాడు, ఇరవై రెండు వేలని. కొనే ఆయన “సెంటు పది” అన్నాడట, పది లక్షలని. రెండూ ఒకే ధర అన్నట్టు అందరం తలలూపాం. తర్వాత కాగితం మీద వేసి చూశాను. గజం లెక్కన 79,86,000, సెంటు లెక్కన 75,00,000. మధ్యలో 4,86,000 తేడా. మాట్లాడేటప్పుడు ఆ తేడా ఎవరికీ కనపడలేదు. మొదటిది అన్నయ్య ఆశించిన ధర, రెండోది అవతలివాడు అడిగిన ధర. సారాంశంలో రెండూ రాయాలి, ఎవరి నోట వచ్చిందో చెప్పాలి, విన్న కొలతలోనే రాసి లెక్క కట్టిన మొత్తం కింద వేరుగా “ఇది నా లెక్క” అని పెట్టాలి. తెలంగాణ బంధువులు కూడా ఉన్న కాల్ అయితే గుంటలు కూడా వస్తాయి. గుంట 121 గజాలు, సెంటుకు రెండున్నర రెట్లు. “పది” అని మాత్రం రాసి వదిలేస్తే ఎవరికి తోచిన కొలత వాళ్లు వేసుకుంటారు.

వాటాల దగ్గర మేమంతా ఒకే పొరపాటు చేశాం. ముగ్గురు పిల్లలం కాబట్టి మూడు వాటాలు అన్నాం. ఆ స్థలం నాన్న సొంత సంపాదనతో కొన్నది, వీలునామా రాయలేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటి ఆస్తిలో భార్యకూ పిల్లలకూ సమాన వాటాలు. అంటే అమ్మతో కలిపి నాలుగు. “మీ నాన్న పెద్దాడికి రోడ్డు వైపు ముక్క ఇమ్మన్నారు” అని కాల్‌లో వదిన అన్నారు. నాన్న అని ఉండొచ్చు, కానీ నోటి మాట వీలునామా కాదు. దాన్ని “నాన్న అలా అన్నారని వదిన చెప్పారు” అని రాయాలే గానీ “నాన్న అన్నయ్యకు ఇచ్చారు” అని రాయకూడదు. తాతల నాటి ఆస్తి అయితే లెక్క వేరే, అది లాయరు చూడాలి. కాబట్టి ఆస్తి ఎవరి పేరున ఉంది, ఎలా వచ్చింది, వీలునామా ఉందా అన్న మూడు సంగతులూ సారాంశం మొదట్లోనే ఉండాలి. తెలియకపోతే “తెలియదు” అని రాయడమే మంచిది.

అసలు ప్రమాదం “సంతకం” అన్న మాటలో ఉంది. ఆ గంటలో ఈ మాట నాలుగుసార్లు వచ్చింది, మూడు వేర్వేరు కాగితాల గురించి. ఒకసారి అమ్మకం అగ్రిమెంటు, ఒకసారి జీపీఏ, ఒకసారి రిలీజ్ డీడ్. జీపీఏ అంటే నా తరఫున నువ్వు చెయ్యి అని అధికారం ఇవ్వడం. రిలీజ్ డీడ్ అంటే నా వాటా నేను వదులుకుంటున్నాను అని రిజిస్టరు చేయించడం. ఒకటి సంతకం చేస్తే వాటా మీదే, రెండోది చేస్తే వాటా పోయినట్టే. డాలస్‌లో డ్యూటీ దిగి అలసిపోయి ఫోన్ చూసే అమ్మాయికి “పంపే కాగితం మీద సంతకం పెట్టు” అని రాయడం ఎంత అన్యాయమో నాకప్పుడు తట్టలేదు. కాగితం పేరు రాయండి. జీపీఏ అయితే ఎవరికి, ఏ ఆస్తికి, అమ్మడానికా, డబ్బు తీసుకోవడానికి కూడానా అన్నది రాయండి. ఒక్క స్థలం కోసమే అయితే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలదా అని అడగండి. అది విదేశంలో మన కాన్సులేట్‌లో గానీ, నోటరీ ఎదుట గానీ సంతకం చేసి పంపాలి. ఇండియాకు చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. పంపమనేది ఎప్పుడో తెలియకుండా ముందే తెప్పించి బీరువాలో పెడితే ఆ గడువు దాటిపోతుంది.

వాట్సాప్‌లో తను “సరే అన్నయ్యా” అని పెట్టినంత మాత్రాన వాటా బదిలీ కాదు, స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరు కాగితమే కావాలి. అలాగని ఆ “సరే”కు విలువే లేదనుకోకండి. రేపు కోర్టుకెళితే, నువ్వు ఒప్పుకున్నావు కదా అని అదే మెసేజ్ చూపించొచ్చు. అందుకని సారాంశం చివర “సరే అయితే ఓకే అని పెట్టు” అని రాయకండి. నేను ఆ పనీ చేయబోయాను.

కాగితాల సంగతి కూడా విన్నది వేరు, చూసింది వేరు. స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపించే ఈసీని అన్నయ్య కెమెరాకు అతికించినంత దగ్గరగా పెట్టి చూపించాడు. తెల్లటి మెరుపు తప్ప ఎవరికీ ఒక్క అక్షరం కనపడలేదు. నేను “ఈసీ చూశాం, క్లియర్” అని రాయబోయాను. నిజానికి అది ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు తీసిందో కూడా నాకు తెలియదు. “ఈసీ ఉందని అన్నయ్య చూపించాడు, మేం చదవలేదు, ఫోటో అడిగాను” అన్నదే నిజం. ఆ ఫోటోలు, దస్తావేజులు, ఆధార్ కాపీలు నలభై మంది ఉన్న ఫ్యామిలీ గ్రూపులో మాత్రం వేయొద్దు. వాటాదారులకు విడిగా పంపండి.

ఎవరూ ఎత్తని విషయాలకూ చోటు ఇవ్వండి. మా కాల్‌లో చెల్లి వాటా డబ్బు ఏ ఖాతాలోకి వెళ్తుందన్న ఊసే రాలేదు. విదేశాల్లో స్థిరపడినవాళ్లు వాటాదారులైతే కొనేవాడు ఆ వాటా మీద టాక్స్ పట్టుకునే పద్ధతి వేరు, ఇక్కడివాళ్లకు పట్టే 1 శాతంతో సరిపోదు. ఇది ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే ఆ డబ్బు వచ్చే మనిషి కాల్‌లో లేదు.

రాసే మనిషికీ వాటా ఉంటుందన్నది ఇంకో చిక్కు. నాకు అమ్మాలనే ఉంది, కొడుకు ఫీజులు దగ్గరపడ్డాయి. నేనెంత నిజాయతీగా రాసినా కలం కాస్త అటు వాలుతుంది. అందుకే నా అభిప్రాయం దాచకుండా ఒక లైన్‌లో విడిగా పెట్టి, పంపే ముందు అన్నయ్యకూ అమ్మకూ చదివి వినిపించాను. ఒకే కాపీ అందరికీ వెళ్లాలి. చెల్లికొకటి, అన్నయ్యకొకటి రాస్తే ఎప్పుడో ఒకరోజు రెండు ఫోన్లూ పక్కపక్కన చేరతాయి. రికార్డింగ్ కావాలంటే కాల్ మొదట్లోనే అందరినీ అడగండి. అడక్కుండా రికార్డు చేసి, అమ్మ కళ్లు తుడుచుకునే ముక్క అమెరికా పంపడం నాకైతే నచ్చలేదు.

రెండోసారి నేను పంపింది ఇది:

“చెల్లీ, ఆదివారం కాల్ సంగతులు. ఏదీ ఖాయం కాలేదు, ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోలేదు.
స్థలం నాన్న పేరున ఉంది, 7.5 సెంట్లు. వీలునామా లేదు. వాటాదారులు అమ్మ, పెద్దన్నయ్య, నేను, నువ్వు.
పెద్దన్నయ్య అమ్ముదామన్నాడు. గజం 22,000 రావాలన్నాడు. కొనే ఆయన సెంటు 10 లక్షలు అన్నాడని చెప్పాడు. నా లెక్కలో మొదటిది 79,86,000, రెండోది 75,00,000.
అమ్మ ‘మీరెలా అంటే అలా’ అంది. తర్వాత ‘కొబ్బరిచెట్లు మీ నాన్న పెట్టినవి’ అంది.
నేను అమ్ముదామనే అన్నాను. నాకు డబ్బు అవసరం ఉంది, అది నీకు తెలిసి ఉండాలి.
అమ్మకం అగ్రిమెంటు, జీపీఏ, రిలీజ్ డీడ్ అని మూడు మాటలూ వచ్చాయి. నీకు ఏది పంపుతారో తేలలేదు. తేలేదాకా దేని మీదా సంతకం పెట్టకు.
టాక్స్, నీ డబ్బు ఏ ఖాతాకు అన్నది మాట్లాడలేదు.
అన్నయ్యకు వచ్చే ఆదివారం లోపు జవాబు కావాలట. నీకు టైమ్ చాలకపోతే చెప్పు, నేను ఆపుతాను.”

ఈసారి జవాబు అరగంటలో వచ్చింది. ధర గురించి ఒక్క మాట లేదు. “అమ్మ ఎక్కడుంటుంది?” అని అడిగింది. గంట సేపు మాట్లాడిన మాకు ఆ సంగతే తట్టలేదు. “మాట్లాడనివి” కింద ఆ లైన్ కూడా చేర్చి, అందరికీ మళ్లీ పంపాను.