ఫోన్‌లో ఫోటోల సర్దుబాటు – నాలుగో పాఠం: ముందు తాళం, తర్వాత ఆల్బమ్, చివర్లో లింకు

పోయిన పాఠంలో గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసుకున్నాం. అది ఇంకా చేయనివాళ్లు ఈ పాఠం మొదలుపెట్టకండి, కారణం కింద మీకే తెలుస్తుంది.

ఈసారి సాధన మా పెద్దక్క ఫోన్ మీద. అక్కది అంబాజీపేట దగ్గర. భోగి నుంచి కనుమ దాకా తీసినవి నాలుగు వందల పైచిలుకు ఫోటోలు. అందులో సగం జగ్గన్నతోట ప్రభల తీర్థానివే. గంగలకుర్రు వాళ్లు భుజాల మీద మోసే దేవుడి ప్రభ కౌశిక నది దాటేటప్పుడు అక్క బటన్ మీద వేలు తీయలేదు, ఆ ఒక్క దృశ్యమే ముప్పై సార్లు పడింది. వాటి మధ్యలోనే బ్యాంకులో తీసిన గోల్డ్ లోన్ రసీదు, బావగారి ఆపరేషన్ కుట్లు డాక్టరుకి చూపించడానికి తీసిన ఫోటో, పట్టాదారు పాస్‌బుక్కు పేజీలు కూడా ఉన్నాయి. కువైట్‌లో ఉన్న పెద్దోడికి, హైదరాబాద్‌లో ఉన్న కూతురికి పండగ ఫోటోలన్నీ పంపాలని అక్క కోరిక.

"అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పడేయరా తమ్ముడూ" అంది. ఆ గ్రూపులో వియ్యాలవారితో కలిపి అరవై మంది ఉన్నారు. కుట్ల ఫోటో, లోన్ రసీదు వాళ్లందరి ఫోన్లలోకీ వెళ్లేవి. అందుకే వరస ముఖ్యం. దాచాల్సినవి ముందు పక్కకు తీసేయాలి, ఆ తర్వాతే ఆల్బమ్ జోలికి వెళ్లాలి.

గూగుల్ ఫోటోస్ తెరిచి, దాచాల్సిన ఫోటో మీద వేలు నొక్కి పట్టుకోండి. టిక్ పడ్డాక మిగతావాటిని కూడా ఒక్కొక్కటిగా ముట్టుకుని ఎంచుకోండి. కింద వచ్చే మెనూలో Move to Locked Folder అని ఉంటుంది. మొదటిసారైతే ఫోల్డరు ఏర్పాటు చేసుకోమంటుంది, ఫోన్‌కి స్క్రీన్ లాక్ లేకపోతే పెట్టుకోమంటుంది. అందులోకి వెళ్లిన ఫోటో మామూలు వరసలో గానీ, వెతికినప్పుడు గానీ, ఆల్బముల్లో గానీ కనపడదు. వేరే యాప్‌కి కూడా దొరకదు. లోపల స్క్రీన్‌షాట్ తీయడం కూడా కుదరదు. మళ్లీ చూడాలంటే Collections లోకి వెళ్లి Locked నొక్కాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఈ ఫోల్డరుకి వేరే తాళం ఉండదు, మీ ఫోన్ తాళమే దీనికీ తాళం. అక్క ఫోన్ ప్యాటర్న్ మనవడికి నోటికొచ్చు, గేమ్ ఆడుకోవడానికి రోజూ వాడే తీస్తాడు. అంటే లాక్డ్ ఫోల్డరు కూడా వాడి చేతిలో ఉన్నట్టే. ప్యాటర్న్ మార్చి, పిల్లాడికి చెప్పకుండా ఉండగలిగితేనే ఈ పనికి అర్థం. అక్క మార్చింది. మనవడు రెండు రోజులు అలిగాడు, అది వేరే కథ.

రెండో సంగతి నాకు దెబ్బ తగిలాక తెలిసింది. మా నాన్నగారు కొబ్బరి దింపుల లెక్కలు రాసుకున్న పాత నోటుపుస్తకానికి చెదలు పట్టింది. మిగిలిన పేజీలు ఫోటోలు తీసి, ఎవరూ పొరపాటున చెరపకూడదని లాక్డ్ ఫోల్డరులో పెట్టాను. ఏర్పాటు చేసుకునేటప్పుడు ఈ ఫోల్డరుని కూడా బ్యాకప్ చేయాలా అని అడిగితే వద్దన్నాను. దాచినది మళ్లీ ఆన్‌లైన్‌లోకి ఎందుకని నా తెలివి. ఆర్నెల్లకి ఫోన్ లోగో దగ్గరే ఆగిపోయింది. రిపేరు షాపు కుర్రాడు "రీసెట్ చేస్తేగానీ లేవదండి, ఆయ్" అన్నాడు. సరే అన్నాను. ఫోన్ లేచింది, మామూలు ఫోటోలన్నీ బ్యాకప్ నుంచి తిరిగొచ్చాయి, దింపుల లెక్కలు మాత్రం రాలేదు. లాక్డ్ ఫోల్డరుకి బ్యాకప్ ఆపి ఉంటే, అందులోకి పంపిన ఫోటో ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంటుంది. అంతకుముందు ఆన్‌లైన్‌లో ఉన్న కాపీ కూడా తొలగిపోతుంది. రీసెట్ చేసినా, యాప్ తీసేసినా, యాప్ డేటా తుడిచినా అంతే సంగతులు. కాబట్టి అడిగినప్పుడు బ్యాకప్ ఆన్ చేయండి. ఇదివరకే వద్దన్నవాళ్లు బ్యాకప్ సెట్టింగుల్లోకి వెళ్లి ఇప్పుడు మార్చుకోవచ్చు.

ఇంకో చిన్న మాట. కుట్ల ఫోటో అక్క ముందే డాక్టరుగారికి వాట్సాప్‌లో పంపింది. గూగుల్ ఫోటోస్‌లో దాచినంత మాత్రాన ఆ చాట్‌లో ఉన్నది పోదు. అక్కడికి వెళ్లి విడిగా తీసేయాలి. ఆధార్ లాంటివి మాత్రం లాక్డ్ ఫోల్డరులో పెట్టమని నేను చెప్పను. అక్కడి నుంచి నేరుగా ఎవరికీ పంపలేం, ప్రతిసారీ బయటికి తీసి, పంపి, మళ్లీ లోపల పెట్టాలి. రెండోసారికే విసుగొచ్చి బయటే వదిలేస్తారు.

ఇప్పుడు ఆల్బమ్. వరసలో తేదీ పక్కన ఉండే గుండ్రని గుర్తు నొక్కితే ఆ రోజు ఫోటోలన్నీ ఒకేసారి టిక్ అవుతాయి. అక్కకి అలా మూడు రోజులూ ఎంచి, మసకబారినవాటికి టిక్ తీసేసి, Add to నొక్కి కొత్త ఆల్బమ్ చేశాం. పేరులో సంవత్సరం ముందు రాయండి: "2025 సంక్రాంతి – జగ్గన్నతోట". పేరు ప్రకారం పేర్చినప్పుడు ఏళ్లు వరసగా నిలబడతాయి.

ఆల్బమ్ అంటే బీరువాలో అర కాదు, చీటీ లాంటిది. ఫలానా ఫోటోలు ఈ పండగవి అని రాసి పెట్టిన చీటీ. ఫోటో ఎక్కడికీ జరగదు, రెండో కాపీ తయారవ్వదు. ఇది తెలియక అక్క ఏం చేసిందంటే, ఆల్బమ్ అయిపోయింది కదా అని ఫోన్‌లో జాగా కోసం వరసలో ఉన్న పండగ ఫోటోలన్నీ డిలీట్ కొట్టింది. సాయంత్రం ఆల్బమ్ తెరిస్తే ఖాళీ. టెన్షన్‌తో ఫోన్ చేసింది. బ్యాకప్ అయిన ఫోటోలు ట్రాష్‌లో 60 రోజులుంటాయి కాబట్టి అక్కడి నుంచి Restore చేశాం, మళ్లీ ఆల్బమ్‌లోకి వచ్చి కూర్చున్నాయి. బ్యాకప్ లేని ఫోటోలైతే గడువు 30 రోజులే. జాగా కావాలంటే డిలీట్ కాదు, Free up space నొక్కాలి. అది బ్యాకప్ అయినవాటి ఫోన్ కాపీ మాత్రమే తీసేస్తుంది.

ఇక పంపడం. ఆల్బమ్ తెరిచి Share నొక్కితే రెండు దారులు. ఒకటి, ఎవరికి చూపాలో వాళ్ల గూగుల్ అకౌంటు ఎంచి పిలవడం. రెండోది, లింకు తయారుచేసి వాట్సాప్‌లో పంపడం. లింకు సులువే గానీ, అది ఎవరి చేతిలో పడితే వాళ్లకి ఆల్బమ్ తెరుచుకుంటుంది. పెద్దోడికి పంపినది వాడి రూమ్మేటు ఇంకొకరికి పంపినా మనకి తెలియదు. అక్కకి ఇద్దరు పిల్లలే కాబట్టి పేర్లతోనే పిలిచాం. వాళ్లు తీసిన ఫోటోలు కూడా అందులో వేసేలా ఆల్బమ్ ఆప్షన్లలో Collaborate ఆన్ చేశాం. Partner sharing అనే ఇంకోటి కనపడితే దాని జోలికి వెళ్లకండి. అది ఒక్క ఆల్బమ్‌తో ఆగదు, మీ ఫోటోలన్నీ అవతలివాళ్లకి వెళ్లేలా పెట్టుకునే ఏర్పాటు. పంచడం ఆపేయడం ఎప్పుడైనా కుదురుతుంది గానీ, అప్పటికే వాళ్లు సేవ్ చేసుకున్నవి వాళ్ల దగ్గరే ఉంటాయి.

పిలిచాక ఒక్క పని చేయండి. అవతలివాళ్లని ఆల్బమ్ తెరిచి, పై నుంచి కింద దాకా స్క్రీన్ జరుపుతూ వీడియో కాల్‌లో చూపించమనండి. మన ఫోన్‌లో మనకి ఆనని ఫోటో అక్కడ కంటబడుతుంది. అక్క ఆల్బమ్‌లో అలాగే ఒకటి దొరికింది. ప్రభ ముందు నిలబడ్డ బావగారి ఫోటోలో, ఆయన చేతిలోని కవరు మీద లోన్ అకౌంటు నంబరు శుభ్రంగా చదవొచ్చు. దాన్ని Remove from album చేశాం. ఫోటో అక్క ఫోన్‌లోనే ఉంది.

ఒకే దృశ్యానివి ముప్పై కాపీలున్నప్పుడు ఏది ఉంచాలో వచ్చే పాఠంలో.